మెచ్యూరిటీ డబ్బు రాలేదా? ఉత్తరంలో ముందు తేదీల లెక్క తేల్చండి

పొదుపు పాలసీ గడువు తీరి రెండు నెలలైనా డబ్బు ఖాతాలో పడకపోతే మనవాళ్లు బీమా కంపెనీకి రాసే ఉత్తరాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎన్నేళ్లు క్రమం తప్పకుండా ప్రీమియం కట్టామో, బ్రాంచికి ఎన్నిసార్లు తిరిగామో, అమ్మాయి పెళ్లి ఖర్చులకు ఎంత ఇబ్బంది పడుతున్నామో రెండు పేజీలు రాసి, చివరన 'దయచేసి మా డబ్బు త్వరగా ఇప్పించగలరు' అంటారు. అందులో అబద్ధం ఏమీ ఉండదు, కానీ ఆ రెండు పేజీలు చదివిన ఉద్యోగికి తన పనికి కావలసిన విషయం ఒక్కటీ దొరకదు. డబ్బు ఏ రోజు ఇవ్వాలి, మీ కాగితాలన్నీ ఆఫీసుకు ఏ రోజు చేరాయి అనే రెండు తేదీలే అతనికి కావాలి. మీకు రావలసిన వడ్డీ కూడా ఆ రెండింటి మీదే ఆధారపడుతుంది.

వడ్డీ ఎలా వస్తుందో ముందు చూద్దాం. మెచ్యూరిటీ సొమ్మును గడువు తేదీ నాటికే చెల్లించాలన్నది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నియమం. మరణ క్లెయిముల్లో విచారణకు కొంత సమయం ఇస్తారు. మెచ్యూరిటీలో విచారించడానికి ఏమీ ఉండదు. ఆ తేదీ ఎప్పుడొస్తుందో పాలసీ ఇచ్చిన రోజు నుంచే కంపెనీకి తెలుసు కాబట్టి కాగితాలు అడిగే పని ముందుగానే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే బ్యాంక్ రేటుకు 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. ఇక్కడ బ్యాంక్ రేటు అంటే మీ బ్యాంకు డిపాజిట్ల మీద ఇచ్చే వడ్డీ కాదు, రిజర్వ్ బ్యాంక్ ప్రకటించేది. గడువు ఏ ఆర్థిక సంవత్సరంలో పడిందో ఆ ఏప్రిల్ 1న ఉన్న రేటును తీసుకుంటారు. 2025 ఏప్రిల్ 1న అది 6.50 శాతం. కాబట్టి 2025-26లో గడువు తీరిన పాలసీకి ఆలస్యపు వడ్డీ ఏడాదికి 8.50 శాతం. ఆ తర్వాతి నెలల్లో రిజర్వ్ బ్యాంక్ రేటు తగ్గించినా ఈ లెక్క మారదు.

ఈ వడ్డీ ఏ రోజు నుంచి మొదలవుతుందన్న దగ్గరే పేచీ అంతా. 2017 నాటి పాలసీదారుల రక్షణ నియమాల్లో దీనికి ఒక షరతు ఉండేది. గడువు తేదీ ఒకటి, పాలసీదారు నుంచి రావలసిన చివరి అవసరమైన పత్రం అందిన తేదీ ఇంకొకటి. రెంటిలో ఏది తర్వాత వస్తే అక్కడి నుంచే వడ్డీ. 2024లో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి, బ్యాంక్ రేటు మీద 2 శాతం అన్నది వాటిలోనూ కొనసాగింది. బ్రాంచిలో క్లెయిము చూసే ఉద్యోగి ఇప్పటికీ ముందు వెతికేది 'చివరి కాగితం ఎప్పుడొచ్చింది' అనే. చూడ్డానికి న్యాయంగానే ఉంది, మనం కాగితాలు ఇవ్వకపోతే కంపెనీ ఎందుకు వడ్డీ కట్టాలి? కానీ ఆచరణలో ఈ 'చివరి పత్రం' అనే మాట చాలా సాగుతుంది. మీరు ఎప్పుడో ఇచ్చిన కాగితాన్నే మళ్లీ అడిగి, రెండోసారి ఇచ్చిన రోజునే 'చివరి పత్రం అందిన తేదీ'గా కంప్యూటర్లో ఎక్కిస్తే, మధ్యలోని రోజుల వడ్డీ అంతా మీరు పోగొట్టుకున్నట్టే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండాలని అంకెలు గుండ్రంగా వేస్తున్నాను. గాజువాకలో ఉంటున్న ఒక రిటైర్డ్ ఉద్యోగి 2004 మే 28న 21 ఏళ్ల ఎండోమెంట్ పాలసీ తీసుకున్నారు. 3 లక్షల బీమా మొత్తం, దాని మీద బోనసులు కలిసి 2025 మే 28న చేతికి రావలసింది 6 లక్షలు. కంపెనీ పంపిన డిశ్చార్జి వోచరు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేసి, అసలు పాలసీ బాండు, పాన్, ఆధార్ జిరాక్సులు, పాస్‌బుక్ మొదటి పేజీ, క్యాన్సిల్ చేసిన చెక్కు జతపరిచి మే 5నే బ్రాంచిలో ఇచ్చేశారు. గడువుకు ఇంకా మూడు వారాలకు పైనే ఉంది.

మే 28 వచ్చింది, వెళ్లింది. జూన్‌లో బ్రాంచికి వెళ్తే 'ప్రాసెస్‌లో ఉంది సార్, టెన్షన్ పడకండి' అన్నారు. జూలై మధ్యలో మళ్లీ వెళ్తే అసలు సంగతి బయటపడింది. 'పేమెంట్ రిటర్న్ అయింది సార్, బ్యాంకు వివరాలు కొత్తవి ఇవ్వండి' అన్నారు.

ఎందుకు తిరిగొచ్చింది? ఆయన 2018లో అదే కంపెనీకి ఎన్ఈఎఫ్‌టీ ఫారం ఇచ్చి ఉన్నారు. అప్పుడు ఆయన ఖాతా ఆంధ్రా బ్యాంకులో. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. ఖాతా అదే, బ్రాంచి అక్కడే, కానీ ANDB అక్షరాలతో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ కోడు పోయి UBIN తో మొదలయ్యేది వచ్చింది. మే 5న ఆయన ఇచ్చిన పాస్‌బుక్ జిరాక్సులో కొత్త కోడే ఉంది. దాన్ని ఫైల్లో పెట్టారు గానీ కంప్యూటర్లో మార్చలేదు. డబ్బు పాత కోడుకు వెళ్లి వెనక్కి వచ్చి కూర్చుంది. మన జిల్లాల్లో ఆంధ్రా బ్యాంక్ ఖాతా లేని ఇల్లు తక్కువ కాబట్టి, పదిహేనేళ్లు దాటిన పాలసీలు ఉన్నవాళ్లు గడువుకు ఏడాది ముందే ఈ ఒక్కటీ సరిచూసుకోవడం మంచిది. సిండికేట్ బ్యాంక్, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఖాతాదారులకూ ఇదే వర్తిస్తుంది.

ఆయన జూలై 21న అవే వివరాలు మళ్లీ ఇచ్చారు. ఇక్కడే జాగ్రత్త పడాలి. కంపెనీ లెక్కలో చివరి పత్రం అందింది జూలై 21న. ఆయన లెక్కలో అన్నీ మే 5కే అందాయి, కాబట్టి వడ్డీ గడువు తేదీ అయిన మే 28 నుంచే రావాలి. 6 లక్షల మీద 8.50 శాతం అంటే ఏడాదికి 51,000 రూపాయలు, రోజుకు దాదాపు 140. డబ్బు ఆగస్టు 26న వచ్చిందనుకుంటే, మే 28 నుంచి 90 రోజులకు 12,575 రూపాయలు వస్తాయి. జూలై 21 నుంచి లెక్కిస్తే 36 రోజులకు 5,030 మాత్రమే. తేడా 7,545 రూపాయలు. ఒక్క తేదీ ఖరీదు అది.

ఈ తేడా ఎటు తేలుతుందన్నది మే 5న ఆయన చేతికి వచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ మీద ఆధారపడుతుంది. చాలామంది కౌంటర్లో కాగితాల కట్ట ఇచ్చి, డిశ్చార్జి వోచరు జిరాక్సు మీద ఒక గుండ్రటి ముద్ర వేయించుకుని వస్తారు. ఆ ముద్ర వోచరు ఇచ్చినట్టు చెబుతుంది, అంతే. దానితో పాటు పాస్‌బుక్ ఇచ్చారని ఎక్కడుంది? మన పెద్దాయన మాత్రం ఒక తెల్లకాగితం మీద ఇస్తున్న పత్రాలన్నీ వరుసగా రాసి, పాస్‌బుక్ పేజీ పక్కన ఖాతా నంబరు చివరి నాలుగు అంకెలు, కొత్త ఐఎఫ్ఎస్‌సీ కోడు కూడా రాసి, దాని రెండో కాపీ మీద ముద్ర, తేదీ, తీసుకున్నవారి సంతకం వేయించుకున్నారు. కౌంటర్లో ఉన్నవారు 'ఇవన్నీ ఎందుకు సార్' అని కొంచెం విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఆ కాగితమే చేతిలో లేకపోతే కథ వేరుగా ఉంటుంది. ఒకవేళ ఆయన మే 5న నిజంగానే పాత కోడున్న చెక్కు ఇచ్చి ఉంటే, జూలై 21 నుంచే వడ్డీ అన్న కంపెనీ వాదనలో బలముంది. అప్పుడు కూడా ఒక ప్రశ్న వేయవచ్చు: చెల్లింపు తిరిగొచ్చిన రోజున కంపెనీ ఎవరికైనా ఉత్తరం రాసిందా, మెసేజ్ పంపిందా? తిరిగొచ్చిన సంగతి తనకు తెలిసి కూడా జూలై దాకా చెప్పకపోతే ఆ మధ్య రోజుల బాధ్యత దానిదేనని వాదించవచ్చు. కానీ అది వాదనే, ముద్ర వేయించుకున్న జాబితా మాత్రం రుజువు.

ఇక ఉత్తరం. దాన్ని ఎవరికి రాయాలన్న సందేహం సాధారణంగా వస్తుంది. పాలసీ నిర్వహిస్తున్న బ్రాంచి మేనేజరు పేరున రాసి, అదే ఉత్తరాన్ని కంపెనీ ఫిర్యాదుల పరిష్కార అధికారికి కూడా పంపాలి. ప్రతి బీమా కంపెనీకీ ఈ అధికారి ఉంటారు, మెయిల్ చిరునామా కంపెనీ వెబ్‌సైట్లో దొరుకుతుంది. బ్రాంచికి ఇచ్చింది 'విచారణ'గా మిగిలిపోవచ్చు, ఆయనకు వెళ్లింది మాత్రం నంబరు పడి ఫిర్యాదుగా నమోదవుతుంది. బ్రాంచికి చేతికిచ్చి ముద్ర వేయించుకోండి, రెండోది మెయిల్లో పంపండి. తెలుగులో రాస్తే తప్పేమీ లేదు. అయితే ఫైలు ముంబైలోనో చెన్నైలోనో ఉన్న ఆఫీసుకు వెళ్లేదైతే మెయిల్లో ఇంగ్లిష్ కాపీ కూడా పెడితే అనువాదం పేరుతో ఆగదు.

పై ఉదాహరణలోని పెద్దాయన ఉత్తరం ఇలా ఉండవచ్చు:

విశాఖపట్నం, 04-08-2025

విషయం: పాలసీ నంబరు ........ మెచ్యూరిటీ సొమ్ము 28-05-2025 నుంచి అందకపోవడం. అసలు, ఆలస్యపు వడ్డీ చెల్లించమని కోరడం.

అయ్యా,

పై పాలసీ 28-05-2025న మెచ్యూరిటీకి వచ్చింది. మీరు పంపిన డిశ్చార్జి వోచరు ప్రకారం నాకు రావలసిన మొత్తం రూ. 6,00,000. ఈ రోజు వరకు ఈ సొమ్ము నా ఖాతాలో జమ కాలేదు.

అవసరమైన పత్రాలన్నీ, కొత్త ఐఎఫ్ఎస్‌సీ కోడుతో ఉన్న పాస్‌బుక్ పేజీతో సహా, 05-05-2025న మీ బ్రాంచిలో ఇచ్చాను. ముద్ర వేసి ఇచ్చిన రసీదు జతపరిచాను. పాత బ్యాంకు కోడుకు పంపినందున చెల్లింపు తిరిగి వచ్చిందని జూలైలో మీ సిబ్బంది చెప్పారు. 21-07-2025న నేను ఇచ్చినవి కొత్త పత్రాలు కావు, మే 5న ఇచ్చినవాటి నకళ్లే.

కాబట్టి రూ. 6,00,000 తో పాటు, 28-05-2025 నుంచి చెల్లించే తేదీ వరకు బ్యాంక్ రేటు మీద 2 శాతం కలిపి, అంటే ఏడాదికి 8.50 శాతం చొప్పున వడ్డీ చెల్లించగలరు. ఇంతకుముందు చెల్లింపు పంపి ఉంటే దాని తేదీ, యూటీఆర్ నంబరు, తిరిగి వచ్చిన తేదీ, కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు.

జతపరిచినవి: పాలసీ బాండు జిరాక్సు, అన్ని పేజీలు, 05-05-2025 నాటి రసీదు జిరాక్సు, పాస్‌బుక్ మొదటి పేజీ, క్యాన్సిల్ చేసిన చెక్కు, 01-05-2025 నుంచి 02-08-2025 వరకు బ్యాంకు ముద్రతో ఖాతా స్టేట్‌మెంట్.

ఇట్లు, (సంతకం, పేరు పాలసీలో ఉన్నట్టుగా, ఫోను నంబరు)

ఒక్క పేజీ చాలు. ఇందులో బాధ లేదని కాదు, దానికి ఈ ఉత్తరంలో పని లేదు. 'జూలై 21న ఇచ్చినవి నకళ్లే' అన్న వాక్యమే ఇందులో అసలు సంగతి. ఆ తేదీని వాళ్లు ప్రస్తావించకముందే మనం ప్రస్తావించి, దానికి అర్థం ఏమిటో రాసిపెట్టాం.

బాండు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. అసలు బాండును ఉత్తరానికి జతచేసి పోస్టులో పంపకండి. ఈ ఉదాహరణలో అది మే 5నే బ్రాంచికి చేరింది, కాబట్టి ఇచ్చే ముందు తీసుకున్న జిరాక్సే జత అవుతుంది. ఆ జిరాక్సు మొదటి పేజీతో ఆపేయడం ఎక్కువమంది చేసే పని. మొదటి పేజీలోని షెడ్యూల్లో పాలసీ నంబరు, మొదలైన తేదీ, మెచ్యూరిటీ తేదీ, బీమా మొత్తం ఉంటాయి. ఏటా ప్రీమియం కట్టే పాలసీలో చివరి ప్రీమియం తేదీ, మెచ్యూరిటీ తేదీ ఒకటి కావు, రెంటికీ ఏడాది తేడా ఉంటుంది. అది తెలియక ఏడాది ముందే గొడవపడేవాళ్లూ ఉన్నారు. ఇక వెనక పేజీల్లో ఎండార్స్‌మెంట్లు ఉంటాయి. ఎప్పుడో ఇంటి లోనుకు పాలసీని బ్యాంకు పేరున అసైన్ చేసి ఉంటే అక్కడ ఒక ముద్ర ఉంటుంది. లోను తీరిపోయినా పాలసీని తిరిగి మీ పేరున రాయించుకోకపోతే కంపెనీ దృష్టిలో డబ్బు బ్యాంకుదే. ఆ ముద్ర కనిపిస్తే ముందు బ్యాంకుకు వెళ్లాలి, కంపెనీకి ఉత్తరం తర్వాత.

బ్యాంకు రుజువు అనగానే అందరికీ పాస్‌బుక్ గుర్తొస్తుంది. అది ఖాతా మీదేనని చెబుతుంది. డబ్బు రాలేదని చెప్పేది స్టేట్‌మెంట్. గడువుకు కొద్దిరోజుల ముందు నుంచి ఉత్తరం రాసే నాటి వరకు తీసుకోవాలి. అందులో కంపెనీ నుంచి జమ లేదంటే లేనట్టే. 'మేం పంపేశాం' అని వాళ్లు అంటే యూటీఆర్ నంబరు అడగడం తప్ప వేరే మార్గం లేదు. ఎన్ఈఎఫ్‌టీలో పంపిన ప్రతి చెల్లింపుకూ 16 అక్షరాల, అంకెల నంబరు ఒకటి ఉంటుంది. దాంతో బ్యాంకు వాళ్లు ఆ చెల్లింపు ఏమైందో వెతికి చెప్పగలరు. జమ కాకుండా వెనక్కి వెళ్లిన సొమ్ము జాడ మీ స్టేట్‌మెంట్లో కనపడదు, అందుకే చాలామందికి తమ డబ్బు ఒకసారి బయల్దేరి వెనక్కి వెళ్లిందన్న సంగతే తెలియదు.

చెల్లింపు ఆగడానికి కోడు ఒక్కటే కారణం కాదు, పేరు ఇంకోటి. పాలసీలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ముందు ఉంటుంది, బ్యాంకులో ఇంటిపేరు పూర్తిగా వెనక ఉంటుంది, పాన్‌లో మరోలా ఉంటుంది. ఇప్పుడు చాలా కంపెనీలు సొమ్ము పంపేముందు ఒక రూపాయి జమచేసి, బ్యాంకు నుంచి వచ్చిన పేరును తమ దగ్గరున్న పేరుతో పోల్చి చూస్తాయి. కుదరకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. గడువు దగ్గరపడ్డ రోజుల్లో మీ స్టేట్‌మెంట్లో కంపెనీ నుంచి ఒక రూపాయి జమ కనిపించి ఆ తర్వాత ఏమీ రాకపోతే, చిక్కు పేరులో ఉండి ఉండవచ్చు. అప్పుడు ఉత్తరంలో రెండు పేర్లూ ఒకరివేనని ఒక వాక్యం రాసి, రెండూ కలిపి చూపే గుర్తింపు పత్రం జతచేయండి.

ఫిర్యాదు అందాక రెండు వారాల్లో, అంటే 14 రోజుల్లో కంపెనీ పరిష్కరించాలి. మన ఉదాహరణలో ఆగస్టు 18. అప్పటికీ కదలిక లేకపోతే ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్లో, bimabharosa.irdai.gov.in లో నమోదు చేయవచ్చు, లేదా 155255 కు ఫోను చేయవచ్చు. ఇక్కడ ఎవరూ తీర్పు చెప్పరు, ఫిర్యాదు కంపెనీకే తిరిగి వెళ్తుంది. అయితే నియంత్రణ సంస్థ చూస్తోందన్న భయంతో చాలా ఫైళ్లు ఇక్కడే కదులుతాయని నా అభిప్రాయం.

తీర్పు కావాలంటే బీమా అంబుడ్స్‌మన్. ఆంధ్రప్రదేశ్‌కు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. విశాఖ నుంచి రైలెక్కనక్కర్లేదు, ఫిర్యాదు ఆన్‌లైన్లో ఇవ్వవచ్చు, విచారణ వీడియోలో జరిపే వీలుంది. ఫీజు లేదు, లాయరు అవసరమూ లేదు. కంపెనీకి ముందు రాసి ఉండాలి, నెల రోజులు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా వెళ్లవచ్చు, ఆ తర్వాత ఏడాది లోపే వెళ్లాలి. అక్కడ ఇచ్చే అవార్డుకు కంపెనీ కట్టుబడాలి. అదే వివాదం మీద వినియోగదారుల కమిషన్లో కేసు వేసి ఉంటే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు. 7,545 రూపాయల వడ్డీ తేడాకు ముందు కమిషన్ మెట్లు ఎక్కడం నాకు తెలివైన పనిగా అనిపించదు.

ఆగస్టు 26న ఫోనుకు మెసేజ్ వచ్చి 6,05,030 రూపాయలు జమ అయ్యాయనుకోండి. చాలామంది అసలు వచ్చిందన్న సంతోషంలో అక్కడితో వదిలేస్తారు. 5,030 చూడగానే వాళ్లు జూలై 21 నుంచి లెక్కించారని తెలుస్తోంది. వడ్డీ లెక్క వివరం రాతపూర్వకంగా అడిగి, మే 5 నాటి రసీదు మళ్లీ జతచేసి, మిగిలిన 54 రోజుల వడ్డీ 7,545 రూపాయలు కోరుతూ నాలుగు వాక్యాల ఉత్తరం అదే అధికారికి పంపవచ్చు. అసలు తీసుకున్నంత మాత్రాన ఈ హక్కు పోదు. ఆదాయపు పన్ను విషయంలో మాత్రం ఒకటి గమనించాలి: మెచ్యూరిటీ సొమ్ముకు షరతుల మేరకు ఉండే మినహాయింపు ఈ ఆలస్యపు వడ్డీకి వర్తించదు, రిటర్నులో దాన్ని ఇతర ఆదాయం కింద చూపించాలి.